పీరియడ్‌కు 390.. చేతికొచ్చేది ఎంత?

తెలంగాణలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పే గెస్ట్ లెక్చరర్‌కు పీరియడ్‌కు ఇచ్చేది 390 రూపాయలు. నెలకు 72 పీరియడ్ల దాకా మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు. ఈ రెండూ గుణిస్తే 28,080 రూపాయలు. గెస్ట్‌గా చేరిన ప్రతి ఒక్కరూ మొదటి రోజే వేసుకునే లెక్క ఇది. ఇంటి అద్దె, పిల్లల ఫీజు, ఊరికి పంపాల్సిన డబ్బు అన్నీ ఆ 28,080 మీదే బడ్జెట్ వేసుకుంటారు. తీరా ఏడాది గడిచాక బ్యాంకు పాస్‌బుక్ చూస్తే ఒక్క నెల కూడా ఆ అంకె కనిపించదు. నెల నెలకూ తేడా. క్లాసులు ఎక్కువ తీసుకున్న నెలలో తక్కువ డబ్బు పడటం కూడా జరుగుతుంది. ఆఫీసులో ఎవరో మోసం చేశారేమోనన్న అనుమానం అక్కడే మొదలవుతుంది.

చాలాసార్లు మోసమేమీ ఉండదు. కానీ కోత ఎందుకు పడిందో, ఎలా పడిందో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. రెగ్యులర్ లెక్చరర్‌కు నెలనెలా పే స్లిప్ వస్తుంది. గెస్ట్‌కు వచ్చేది బ్యాంకు మెసేజ్ ఒక్కటే. కాబట్టి ఆ మెసేజ్‌లోని అంకె వెనక ఏం జరుగుతుందో ఒక ఉదాహరణ పెట్టుకుని మొదటి నుంచీ చూద్దాం.

ఆగస్టు 2025లో ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్‌గా చేరిన తెలుగు లెక్చరర్ ఉన్నారనుకుందాం. ఆమెకు వేరే ఉద్యోగం లేదు, వేరే ఆదాయం లేదు. ఆగస్టులో 58 పీరియడ్లు చెప్పారు. సెప్టెంబరు చివర్లో బతుకమ్మ, దసరా సెలవులు వచ్చాయి కాబట్టి ఆ నెల 41 పీరియడ్లే అయ్యాయి. అక్టోబరులో సిలబస్ తరుముకొచ్చి 66 చెప్పారు.

నెల చివర జరిగే తతంగం ఇది. ఏ రోజు ఏ గ్రూపుకు ఎన్నో పీరియడ్‌లో ఏ పాఠం చెప్పారో రాసిన వర్క్‌డన్ స్టేట్‌మెంట్ ఆమె ఇస్తారు. డిపార్ట్‌మెంట్ ఇన్‌ఛార్జి దాన్ని టైం టేబుల్‌తోనూ, అటెండెన్స్ రిజిస్టర్‌తోనూ సరిచూసి సంతకం పెడతారు. ప్రిన్సిపల్ ఒప్పుకున్న పీరియడ్లకే ఆఫీసు బిల్లు చేస్తుంది. కాలేజీలో గడిపిన గంటలు వేరు, బిల్లుకెక్కే పీరియడ్లు వేరు. ఇన్విజిలేషన్, పేపర్లు దిద్దడం, అడ్మిషన్ల పనిలో కూర్చోవడం అన్నీ పనే అయినా టైం టేబుల్‌లో గెస్ట్ పేరు మీద లేని పని పీరియడ్‌గా మారదు. సైన్సు వాళ్లకు ప్రాక్టికల్స్ ఎలా లెక్కిస్తారన్నది కూడా చేరిన వారంలోనే ప్రిన్సిపల్‌ను అడిగి తేల్చుకోవడం మంచిది. నెల చివర బిల్లు దగ్గర వాదించి లాభం ఉండదు.

ఆగస్టు బిల్లు 58 పీరియడ్లకు 22,620 రూపాయలు. ఆ మొత్తం కోత లేకుండా ఆమె ఖాతాలో పడింది. సెప్టెంబరు బిల్లు 15,990. అదీ పూర్తిగా వచ్చింది. అక్టోబరు బిల్లు 25,740. కానీ ఖాతాలో పడింది మాత్రం 19,305. ఏకంగా 6,435 రూపాయలు తగ్గాయి. అంటే బిల్లులో నాలుగో వంతు పోయింది. ఆమె ఆఫీసుకెళ్లి అడుగుతారు.

“ఏంటి సార్, ఈ నెల ఇంత తక్కువ పడింది? టీడీఎస్ పది శాతమే కదా?”

“పది శాతమే మేడమ్. కానీ మూడు నెలలకూ కలిపి పట్టాం.”

సీనియర్ అసిస్టెంట్ చెప్పింది నిజమే. ఆ ఒక్క వాక్యం వెనక ఉన్న నియమం తెలిస్తే అంకె అర్థమవుతుంది.

గెస్ట్ లెక్చరర్ కాలేజీ ఉద్యోగి కాదు, పీరియడ్ లెక్కన ఫీజు తీసుకునే మనిషి అన్న ఉద్దేశంతో చాలా ఆఫీసులు ఈ చెల్లింపును 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 194జె కింద, వృత్తి సేవలకు ఇచ్చే ఫీజుగా చూస్తాయి. ఆ సెక్షన్ కింద కోత 10 శాతం. నివాసి అయిన వ్యక్తికి దాని మీద సెస్ లాంటివేమీ కలపరు. ఒక ఆర్థిక సంవత్సరంలో ఒకే చెల్లింపుదారు నుంచి అందే మొత్తం 50,000 దాటకపోతే కోత లేదు. 2025 మార్చి దాకా ఈ పరిమితి 30,000 ఉండేది, 2025 ఏప్రిల్ 1 నుంచి 50,000కు పెంచారు.

కష్టమంతా ఆ 50,000 దగ్గర వస్తుంది. చాలామంది దీన్ని మినహాయింపు అనుకుంటారు. 64,350 వస్తే మొదటి 50,000 వదిలేసి మిగిలిన 14,350 మీద పన్ను పట్టాలి కదా అని అడుగుతారు. అలా కాదు. దాటనంత కాలం కోత లేదు, దాటిన మరుక్షణం మొదటి రూపాయి నుంచీ కోత ఉంది. మన లెక్చరర్‌కు ఆగస్టు, సెప్టెంబరు కలిపి 38,610 అయింది. గీత దాటలేదు కాబట్టి కోత లేదు. అక్టోబరు బిల్లుతో మొత్తం 64,350కి చేరింది. దాని మీద పది శాతం 6,435. వెనకటి రెండు బిల్లుల డబ్బు అప్పటికే ఆమెకు ఇచ్చేశారు కాబట్టి, మూడింటి పన్నూ ఈ ఒక్క బిల్లులోనే పట్టారు.

లెక్క సరిగానే ఉంది. కానీ నా ఉద్దేశంలో ఆఫీసు ఈ పని చేసిన తీరు సరిగా లేదు. చట్టం చెప్పేది ఇప్పటిదాకా ఇచ్చిన మొత్తం గురించి మాత్రమే కాదు, ఆ ఏడాదిలో ఇవ్వబోయే అవకాశం ఉన్న మొత్తాన్ని కూడా చూడమంటుంది. టైం టేబుల్‌లో వారానికి 15, 16 పీరియడ్లు కేటాయించిన మనిషికి ఏడాదిలో 50,000 దాటుతుందని ఆగస్టులోనే తెలుసు. అలాంటప్పుడు మొదటి బిల్లులోనే 2,262 పట్టి 20,358 ఇవ్వాలి. సెప్టెంబరులో 1,599 పట్టి 14,391 ఇవ్వాలి. అక్టోబరులో 2,574 పట్టి 23,166 ఇవ్వాలి. మొత్తం కోత అదే 6,435. కానీ ఏ నెలా కుంగదు. పండుగ ఖర్చులు తీరని నెలలో నాలుగో వంతు జీతం ఒక్కసారిగా తగ్గడం కొందరికి చిన్న విషయమే కావచ్చు. పీరియడ్ లెక్కన బతికేవాళ్లకు అది చిన్న విషయం కాదు. చేరినప్పుడే “మొదటి బిల్లు నుంచే పట్టండి” అని ఆఫీసుకు ఒక కాగితం రాసిచ్చే హక్కు గెస్ట్‌కు ఉంది. దానికి ఆఫీసు కాదనడానికి కారణం కనిపించదు.

నవంబరులో ఆమె 76 పీరియడ్లు చెప్పారు. తోటి లెక్చరర్ సెలవు పెడితే ఆయన క్లాసులు కూడా ఈమే చూసుకున్నారు. బిల్లు 72 పీరియడ్లకే అయింది. 28,080లో 2,808 కోత పోను 25,272 వచ్చింది. మిగిలిన నాలుగు పీరియడ్ల విలువ 1,560 రూపాయలు. నెలవారీ పరిమితి దాటిన పని ఆ నెల బిల్లుకెక్కదు. ఇక్కడ పన్నుకూ పరిమితికీ సంబంధం లేదన్నది గమనించాలి. పన్ను పడేది బిల్లు పాసైన మొత్తం మీద. పాస్ కాని 1,560 మీద పన్ను పడదు. అయినా ఆ డబ్బు పోయినట్టే. క్లాసు తీసుకోమని అడిగినప్పుడు ఆ నెల ఎన్ని పీరియడ్లు అయ్యాయో నోట్‌బుక్ చూసి చెప్పగలిగితే ఈ నష్టం తప్పుతుంది.

పరిమితి పెట్టడం రాష్ట్ర ప్రభుత్వాలకే పరిమితం కాదు. యూజీసీ 2019 జనవరిలో గెస్ట్ ఫ్యాకల్టీకి లెక్చర్‌కు 1,500 చొప్పున, నెలకు 50,000 మించకుండా ఇవ్వవచ్చని చెప్పింది. అక్కడ 33 లెక్చర్లకు 49,500 వస్తే, 34వ లెక్చర్‌కు దక్కేది 500 మాత్రమే. ఆ తర్వాత చెప్పే ప్రతి లెక్చరూ ఉచితం.

ఇక డిసెంబరులో 64, సంక్రాంతి ఉన్న జనవరిలో 52, ఫిబ్రవరిలో 70, పరీక్షల ముందు మార్చిలో 30 పీరియడ్లు అయ్యాయి. మార్చి 31లోపే అన్ని బిల్లులూ పాసయ్యాయనుకుందాం. ఏడాదికి బిల్లుకెక్కిన పీరియడ్లు 453. గౌరవ వేతనం 1,76,670 రూపాయలు. కోత 17,667. చేతికి అందింది 1,59,003.

ఇప్పుడు ఆ 17,667 సంగతి. టీడీఎస్ అంటే ఆమె కట్టాల్సిన పన్ను కాదు. ఆమె కట్టాల్సి రావచ్చని ముందే పట్టి ఉంచిన డబ్బు. 2025-26లో కొత్త విధానం కింద 4 లక్షల దాకా ఆదాయంపై పన్నే లేదు. రిబేటుతో 12 లక్షల దాకా కట్టాల్సింది ఉండదు. వేరే ఆదాయం లేని మన లెక్చరర్ పన్ను సున్నా. కాబట్టి 17,667 మొత్తం ఆమెదే, తిరిగి రావాల్సిందే. కానీ అది దానంతట అది రాదు. రిటర్ను వేస్తేనే వస్తుంది. “నా ఆదాయం పన్ను పరిధిలోనే లేదు, నాకెందుకు రిటర్ను” అని ఊరుకునే గెస్ట్ లెక్చరర్లు ఎందరో. దాదాపు నలభై అయిదు పీరియడ్ల కష్టం అలా ప్రభుత్వం దగ్గరే మిగిలిపోతుంది.

కొందరు తెలివిగా ముందే ఫారం 15జి ఇచ్చి కోత ఆపించాలని చూస్తారు. బ్యాంకు డిపాజిట్ వడ్డీకి అది పనిచేస్తుంది కాబట్టి ఇక్కడా పనిచేస్తుందనుకుంటారు. 194జె కింద చెల్లింపులకు ఆ ఫారం చెల్లదు. ఆఫీసు దాన్ని తీసుకున్నా తప్పే. కోత తగ్గించాలంటే ఉన్న దారి 197 సెక్షన్ కింద ఆదాయపు పన్ను అధికారి నుంచి తక్కువ కోతకు సర్టిఫికెట్ తెచ్చుకోవడం. ఏడాదికి లక్షన్నర, రెండు లక్షలు వచ్చేవారికి ఆ తిరుగుడు కంటే రిటర్ను వేసి రిఫండ్ తీసుకోవడమే సులువు.

రిఫండ్ రావాలంటే కోత పడ్డ ప్రతి రూపాయీ ఆమె పాన్ నంబరు మీద ఆదాయపు పన్ను శాఖ దగ్గర నమోదై ఉండాలి. అసలు చిక్కు ఇక్కడ ఉంది, దీన్ని కాస్త దగ్గరగా చూడాలి.

ప్రభుత్వ కాలేజీలో బిల్లు పెట్టే అధికారిని డీడీవో అంటారు, సాధారణంగా ప్రిన్సిపలే. బిల్లు ట్రెజరీలో పాసైనప్పుడు 6,435 రూపాయలు చలానా కట్టకుండానే పుస్తక సర్దుబాటుతో కేంద్ర ఖాతాకు వెళ్తాయి. ఏ డీడీవో తరఫున ఎంత వెళ్లిందో 24జి అనే స్టేట్‌మెంటులో శాఖకు చేరుతుంది. ఆ స్టేట్‌మెంటులో గెస్ట్ లెక్చరర్ పేరు ఉండదు, మొత్తం అంకె మాత్రమే ఉంటుంది. ఆ మొత్తంలో ఎవరి పాన్ మీద ఎంత అన్నది చెప్పాల్సింది కాలేజీ. మూడు నెలలకోసారి కాలేజీ దాఖలు చేసే 26క్యూ రిటర్నులో ఆ వివరం ఉంటుంది. డబ్బు వెళ్లి, 26క్యూ వెళ్లకపోతే ఆ డబ్బుకు సొంతదారు పేరు అంటుకోదు. ప్రభుత్వానికి చేరింది, కానీ ఆమె పేరు మీద చేరలేదు. ఆఫీసులో “కట్టేశామండీ” అంటారు, వాళ్లు చెప్పేది నిజమే. కంప్యూటర్‌లో చూస్తే ఖాళీ, అదీ నిజమే.

దీన్ని కనిపెట్టడానికి ఏడాది చివరిదాకా ఆగక్కర్లేదు. మన లెక్చరర్ అక్టోబరు బిల్లు నవంబరులో పాసైంది కాబట్టి అది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉన్న త్రైమాసికంలోకి వస్తుంది. ఆ త్రైమాసికం 26క్యూకు గడువు జనవరి 31. ఫిబ్రవరి రెండో వారంలో ఆదాయపు పన్ను పోర్టల్‌లోకి వెళ్లి ఫారం 26ఏఎస్ తెరిస్తే కాలేజీ పేరు, 194JB అన్న సెక్షన్, 64,350 చెల్లింపు, 6,435 కోత కనిపించాలి. డిసెంబరులోనే నవంబరు బిల్లూ పాసై ఉంటే అదీ పక్కనే ఉండాలి. లేకపోతే అప్పుడే ప్రిన్సిపల్‌కు రాతపూర్వకంగా అడగాలి. గడువు దాటిన రిటర్నుకు రోజుకు 200 రూపాయల చొప్పున రుసుము డీడీవో మీద పడుతుంది కాబట్టి అడిగితే కదలిక ఉంటుంది. రిటర్ను వేశాక కాలేజీ ఫారం 16ఏ ఇవ్వాలి. అది అడిగి తీసుకోవాలి. ఎవరూ ఇంటికి తెచ్చివ్వరు.

పాన్ నంబరులో ఒక్క అక్షరం తప్పు పడినా ఇదే పరిస్థితి. డబ్బు ఇంకొకరి పాన్ మీదకో, ఎవరికీ చెందని నంబరు మీదకో పోతుంది. కాలేజీ సవరణ స్టేట్‌మెంటు వేస్తే సరిపోతుంది కానీ, ఆ పని చేయించుకోవడానికి నెలలు పట్టవచ్చు. అసలు పాన్ ఇవ్వకపోతే కోత పది శాతం కాదు, 20 శాతం. ఆధార్‌తో లింకు చేయక పనిచేయకుండా పోయిన పాన్‌కు కూడా సాధారణంగా అంతే. మన లెక్చరర్ పాన్ అలా ఉండి ఉంటే అక్టోబరు బిల్లులో 6,435 బదులు 12,870 పోయేది, చేతికి సగమే వచ్చేది. అందుకే బిల్లుకు పాన్ కాపీ ఇచ్చే ముందు అది పనిచేస్తోందో లేదో పోర్టల్‌లో ఒకసారి చూసుకోవడం అవసరం.

ఇంకో మెలిక ఆలస్యంగా వచ్చే బడ్జెట్. పైన మార్చి 31లోపే బిల్లులన్నీ పాసయ్యాయనుకున్నాం. తెలంగాణలో గెస్ట్‌గా పనిచేసినవాళ్లెవరూ ఆ మాట నమ్మరు. ఫిబ్రవరి, మార్చి బిల్లుల డబ్బు 39,000 జూన్ 2026లో వచ్చిందనుకుందాం. ప్రభుత్వ ఆఫీసు కోత పట్టేది డబ్బు ఇచ్చినప్పుడు. కాబట్టి 2025-26లో 26ఏఎస్ చూపేది 1,37,670 చెల్లింపు, 13,767 కోత మాత్రమే. డైరీలో 1,76,670 పని ఉంది, ప్రభుత్వ రికార్డులో అంత లేదు. చాలామంది భయపడి రిటర్నులో ఏ అంకె వేయాలో తెలియక తికమక పడతారు. అందిన డబ్బునే ఆదాయంగా లెక్కించుకునే వ్యక్తి అందిన ఏడాదిలోనే దాన్ని చూపాలి. 39,000 మరుసటి ఏడాది రిటర్నులోకి వస్తుంది. ఆ ఏడాది మళ్లీ 50,000 గీత సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి జూన్‌లో 39,000 కోత లేకుండా రావచ్చు. ఆగస్టులో మళ్లీ తీసుకుంటే ఆ నెల బిల్లుతోనే గీత దాటి, పాత 39,000 మీద కోత కూడా కలిసి పడుతుంది. ఇది ముందే తెలిసినవాళ్లు జూన్‌లో వచ్చిన డబ్బులో నాలుగు వేలు పక్కన పెట్టుకుంటారు.

2026 ఏప్రిల్ 1 నుంచి 2025 ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది. పాత 194జె ఇప్పుడు 393వ సెక్షన్‌లో కలిసింది, జీతాల మీద కోత 392వ సెక్షన్‌కు వెళ్లింది. పది శాతం, యాభై వేలు అలాగే ఉన్నాయి. పాత నంబరు చెప్పి అడిగితే ఆఫీసులో అర్థం చేసుకుంటారు కానీ, కాగితం మీద కొత్త నంబరు రాస్తే వాదన ఉండదు.

కొన్ని కాలేజీలు గెస్ట్‌కు ఇచ్చేదాన్ని జీతంగానే చూస్తాయి. అప్పుడు యాభై వేల గీత అన్న మాటే రాదు. ఏడాది మొత్తానికి పన్ను అంచనా వేసి, పన్ను ఉంటేనే నెలనెలా పడుతుంది. మన లెక్చరర్‌కు అక్కడ కోత సున్నా అయి ఉండేది. తనను ఏ పద్ధతిలో చూస్తున్నారో తెలుసుకోవడానికి వచ్చిన సర్టిఫికెట్ చూస్తే చాలు. ఫారం 16 వస్తే జీతం, 16ఏ వస్తే ఫీజు. రిటర్నులోనూ దాని ప్రకారమే చూపాలి. 16ఏ చేతిలో పెట్టుకుని జీతం కాలమ్‌లో అంకె వేసి, జీతగాళ్లకు ఉండే 75,000 ప్రామాణిక తగ్గింపు అడిగితే శాఖ దగ్గరున్న వివరంతో అది కుదరదు, నోటీసు రావచ్చు. ఫీజుగా చూపినవాళ్లు దాని బదులు ఆ పని కోసం అయిన ఖర్చులు, అంటే పాఠం కోసం కొన్న పుస్తకాలు, కాలేజీ పనికి తిరిగిన ఖర్చులాంటివి రశీదులతో తగ్గించుకోవచ్చు.

ఒక నోట్‌బుక్కులో నెలకో గీత గీసుకుని అయిదు గళ్లు రాసుకుంటే పైన చెప్పిందంతా చేతిలో ఉంటుంది. చెప్పిన పీరియడ్లు, బిల్లుకెక్కిన పీరియడ్లు, బిల్లు మొత్తం, ఏప్రిల్ నుంచి ఇప్పటిదాకా అందిన మొత్తం, కోత. నాలుగో గడిలో అంకె 40,000 దాటి, అయిదో గడిలో ఇంకా సున్నాయే ఉంటే తర్వాతి బిల్లు ఎంత కుంగుతుందో ముందే తెలుస్తుంది. మూడో గడిలో బిల్లు మొత్తానికీ, అందినదానికీ మధ్య తేడా అయిదో గడిలోని కోతకు సరిపోకపోతే అడగాల్సింది ఆ రోజే. వర్క్‌డన్ స్టేట్‌మెంట్ సంతకమైన కాపీ ఒకటి దగ్గర ఉంచుకుంటే, కోత పట్టినా 26ఏఎస్‌లో రాలేదని తేలినప్పుడు అదే ఆధారం. కాలేజీ పట్టుకున్న పన్నును మళ్లీ ఆమె దగ్గర అడగకూడదని 205 సెక్షన్ చెబుతుంది. ఆ రక్షణ వాడుకోవాలన్నా కోత పడిందని చూపే కాగితం ఉండాలి. బిల్లు పాసైన రోజున ఆఫీసు నుంచి ఒక జిరాక్స్ అడిగి తీసుకుంటే సరిపోతుంది.